ఐదు వేల బ్రోచర్లకు ఎంతవుతుంది?

"బ్రోచరు ఒక్కోటి ఎంతకొస్తుందండీ?" అని అడిగితే ప్రెస్సు ఆయన జవాబు చెప్పడు. "ఎన్ని కొట్టించాలండీ?" అని ఎదురు అడుగుతాడు. తప్పించుకుంటున్నాడని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ ఒక్క అంకె తెలియకుండా ఆయన చెప్పే ఏ రేటుకూ అర్థం ఉండదు. వెయ్యి కొట్టిస్తే ఏడు రూపాయలు దాటే బ్రోచరు పదివేలు కొట్టిస్తే రెండు రూపాయల చిల్లరకు దిగొస్తుంది. కాగితం అదే, రంగులు అవే, మిషనూ అదే.

ఈ తేడా ఎక్కడ పుడుతుందో తెలియాలంటే ఒక ఆర్డరును మొదటి నుంచి చివరిదాకా లెక్క కట్టి చూడాలి. నరసరావుపేటలో ఒక డిగ్రీ కాలేజీ ఉందనుకుందాం. మే నెలలో అడ్మిషన్ల కోసం కరస్పాండెంటు గారు ఐదు వేల బ్రోచర్లు కావాలన్నారు. ఎ4 సైజు కాగితం, రెండు వైపులా రంగుల్లో, మూడు మడతలుగా. కాగితం నిగనిగలాడే ఆర్ట్ పేపరు, 130 జీఎస్‌ఎం. పని విజయవాడలోని ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో జరుగుతుంది. కింద వచ్చే రేట్లు లెక్క కోసం వేసుకున్నవి. ఊరిని బట్టి, కాగితం ధర పెరిగి తగ్గేదాన్ని బట్టి అసలు రేట్లు మారతాయి. లెక్క కట్టే తీరు మాత్రం ఎక్కడైనా దాదాపు ఇదే.

ఖర్చు మిషను తిరగకముందే మొదలవుతుంది. డీటీపీలో పేజీ తయారుచెయ్యడం ఒక ఖర్చు, దానికి 2,000 రూపాయలు అనుకుందాం. తర్వాత ప్లేట్లు. రంగుల ముద్రణ అంటే నాలుగు సిరాల కలయిక: నీలం, ఎరుపు, పసుపు, నలుపు. రంగుకొక అల్యూమినియం ప్లేటు కావాలి. కంప్యూటర్‌లోని పేజీని లేజరుతో నేరుగా ప్లేటు మీదికి ఎక్కించే యంత్రాలు వచ్చాక మధ్యలో ఫిల్ము తీసే పని తప్పింది కానీ ప్లేట్ల ఖర్చు తప్పలేదు. ప్లేటు 300 చొప్పున నాలుగింటికి 1,200.

ఆ తర్వాతది బయటివాళ్లకు కనపడని ఖర్చు. ప్లేట్లను సిలిండర్లకు బిగిస్తారు. సిరా ఎక్కడ ఎంత పడాలో తాళాలు తిప్పి సరిచేస్తారు. ఆఫ్‌సెట్‌లో సిరాతో పాటు నీళ్లూ నడుస్తాయి. నీరెక్కువైతే రంగు వెలిసిపోయినట్టుంటుంది, తక్కువైతే ఖాళీగా ఉండాల్సిన చోట మసకేస్తుంది. కాగితం అంచున నాలుగు రంగుల్లోనూ చిన్న కూడిక గుర్తులు అచ్చవుతాయి. ఆపరేటరు భూతద్దం పెట్టి ఆ నాలుగు గుర్తులూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయా లేదా చూస్తాడు. వెంట్రుకవాసి జరిగినా ఫొటోలో మొహాలు రెండుగా కనిపిస్తాయి. ఇది కుదిరేదాకా వచ్చే షీట్లన్నీ చెత్తలోకే. వందో, నూటయాభయ్యో పోతాయి. ప్రెస్సు వాళ్లు దీన్ని మేకరెడీ అంటారు. నాలుగు రంగుల పనికి అరగంట నుంచి గంట పడుతుంది.

మిషను ఒకసారి కుదిరాక మాత్రం గంటకు పదివేల షీట్లు లాగేయగలదు. మన కాలేజీ ఐదు వేల బ్రోచర్లకు ఆ మిషను నిజంగా తిరిగేది పావుగంట పైచిల్లర. సిద్ధం కావడానికి పట్టే సమయం పనికి పట్టే సమయం కంటే ఎక్కువ. అందుకే ప్రెస్సుల్లో మొదటి వెయ్యి ఇంప్రెషన్లకు ఒక రేటు, ఆపై ప్రతి వెయ్యికీ అందులో మూడో వంతో అంతకంటే తక్కువో రేటు ఉంటుంది. ఇంప్రెషన్ అంటే షీటు ఒకసారి మిషనులోంచి వెళ్లడం. మొదటి వెయ్యికి 2,000, ఆపై వెయ్యికి 600 అనుకుందాం. వెయ్యిలో కొంత భాగం వాడినా వెయ్యి కిందే లెక్క.

అచ్చయ్యాక కటింగుకు 300 వేసుకుంటే, డిజైను, ప్లేట్లు, మిషను సిద్ధం చెయ్యడం, కటింగు కలిపి 5,500 అయింది. వంద కాపీలు కొట్టించినా, లక్ష కొట్టించినా ఈ ఐదున్నర వేలు కదలవు. వెయ్యి కాపీలకు పంచితే ఒక్కోదాని మీద ఐదున్నర రూపాయలు, ఐదు వేలకు పంచితే రూపాయి పది పైసలు, పదివేలకు పంచితే 55 పైసలు పడతాయి. ప్రెస్సు ఆయన ఎదురు ప్రశ్న వేసేది ఇందుకే.

ఇక కాపీతో పాటు పెరిగే ఖర్చు. ఇందులో పెద్దది కాగితం.

ప్రెస్సుకు ఎ4 కాగితం రాదు. 23×36, 25×36, 20×30 అంగుళాల లాంటి పెద్ద షీట్లలో, 500 షీట్ల రీముల్లో వస్తుంది. కొనేది కిలోల లెక్కన. రీము బరువు కట్టడానికి ప్రెస్సుల్లో ఒక సూత్రం నడుస్తుంది: పొడవు అంగుళాల్లో, వెడల్పు అంగుళాల్లో, జీఎస్‌ఎం మూడూ గుణించి 3,100తో భాగిస్తే 500 షీట్ల బరువు కిలోల్లో వస్తుంది. జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే అంకె. 25×36 సైజు, 130 జీఎస్‌ఎం అయితే రీముకు 37.7 కిలోలు.

ఆ షీటును సగానికి కోస్తే 18×25 అవుతుంది. అంచుల్లో కోతకు వదిలే మూడు మిల్లీమీటర్లతో కలిపి అందులో నాలుగు ఎ4లు పడతాయి. మిషను కాగితాన్ని పట్టుకునే అంచుకూ, రంగుల పట్టీకీ అంగుళం చొప్పున మిగులుతుంది. అంటే ఐదు వేల బ్రోచర్లకు 1,250 సగం షీట్లు కావాలి. మేకరెడీలో పోయేవి, నడకలో పాడయ్యేవి కలిపి మరో 150 వేసుకోవాలి. 1,400 సగం షీట్లంటే 700 పూర్తి షీట్లు, సుమారు 53 కిలోలు. కిలో వంద చొప్పున 5,300 రూపాయలు.

షీటు రెండు వైపులా అచ్చవుతుంది గనక ఇంప్రెషన్లు 2,800. మూడు వేలుగా లెక్కేస్తే మొదటి వెయ్యి పైన రెండు వేలకు 1,200. మిషను మీద మూడు మడతలు వెయ్యడానికి కాపీకి పావలా చొప్పున 1,250. అన్నీ కలిపితే 13,250. బ్రోచర్లు నరసరావుపేట చేరడానికి పార్సిల్ చార్జి 500 కలిపితే 13,750. ఒక్కోటి రెండు రూపాయల డెబ్బై ఐదు పైసలు. జీఎస్టీ ఆ పైన.

ఇదే లెక్క వెయ్యి కాపీలకు వేస్తే మొత్తం 7,460 అవుతుంది, అంటే ఒక్కోటి దాదాపు ఏడున్నర. పదివేలకు 22,090, ఒక్కోటి రెండు రూపాయల ఇరవై పైసలు. కరస్పాండెంటు గారు చూడాల్సిన అంకె ఇంకొకటుంది, దాన్ని ఏ కొటేషనూ చూపించదు. ఐదు వేలు ఎలాగూ కొట్టిస్తున్నప్పుడు మరో ఐదు వేలకు అదనంగా అయ్యేది 8,340. అంటే ఆ రెండో ఐదు వేలలో ఒక్కోటి రూపాయి అరవై ఏడు పైసలే. చవకే. కానీ వచ్చే ఏడాది ఫీజులు మారితే మిగిలిన బ్రోచర్లు తూకానికి పోతాయి. ఎన్ని పంచగలరో తెలియకుండా కాపీ రేటు తగ్గుతుందని ఆర్డరు పెంచుకుంటూ పోయేవాళ్ల గోదాముల్లో పాత బ్రోచర్ల కట్టలు ఎప్పుడూ ఉంటాయి.

తక్కువ కాపీలు కావాలనుకునేవాళ్లకు మరో దారి ఉంది. డిజిటల్ ప్రెస్సులో ప్లేట్లుండవు, మేకరెడీ ఉండదు. పెద్ద జిరాక్స్ మిషను లాంటిదే, 13×19 షీటుకు ఇంత అని తీసుకుంటారు. రెండు వైపులా కలిపి షీటు 16 రూపాయలనుకుంటే అందులో రెండు ఎ4లు వస్తాయి గనక కాపీ ఎనిమిది. మొదటి కాపీ ఎనిమిదే, వెయ్యో కాపీ ఎనిమిదే. డిజైను ఖర్చు రెండింటికీ సమానం కాబట్టి పక్కన పెట్టి, మడతతో కలిపి పోలిస్తే, 500 కాపీలకు డిజిటల్ 4,125, ఆఫ్‌సెట్ 4,660 దాకా. వెయ్యికి వచ్చేసరికి డిజిటల్ 8,250, ఆఫ్‌సెట్ 5,260. పై రేట్ల ప్రకారం రెండూ సమానమయ్యేది ఆరువందల కాపీలకు కాస్త ఇటుగా. మీ ఊళ్లో రేట్లు వేరైతే ఆ అంకె మూడొందలకో, ఎనిమిది వందలకో జరుగుతుంది. ఐదొందలూ, వెయ్యీ మధ్యలో ఉన్న ఆర్డరుకు మాత్రం రెండు చోట్లా అడగడం ఉత్తమం. డిజిటల్‌కు ఇంకో లాభముంది. అసలు కాగితం మీదే ఒక కాపీ తీసి చేతిలో పెట్టగలరు. ఆఫ్‌సెట్‌లో ఆ సౌకర్యం కావాలంటే మిషను ఎక్కించాల్సిందే.

ఖర్చు తగ్గించడంలో ప్రెస్సు ఆయన నైపుణ్యం బయటపడేది ప్లేట్ల దగ్గర. పైన నాలుగే ప్లేట్లకు లెక్క వేశాం కదా. బ్రోచరుకు ముందు వైపు, వెనక వైపు ఉన్నప్పుడు వైపుకు నాలుగు చొప్పున ఎనిమిది ప్లేట్లు కావాలి మరి? అక్కర్లేదు. 18×25 షీటు మీద ఒక సగంలో రెండు ముందు పేజీలు, మరో సగంలో రెండు వెనక పేజీలు అమరుస్తారు. షీట్లన్నీ ఒక వైపు అచ్చయ్యాక, ఆరిన తర్వాత తిరగేసి అవే ప్లేట్ల మీద రెండో వైపు కూడా కొడతారు. ముందు పేజీ వెనకాల వెనక పేజీ వచ్చి కూర్చుంటుంది. కోస్తే షీటుకు నాలుగు పూర్తి బ్రోచర్లు. దీన్ని వర్క్ అండ్ టర్న్ అంటారు. ఇలా కాక రెండు వైపులకూ విడివిడిగా ప్లేట్లు వేస్తే మరో నాలుగు ప్లేట్లకు 1,200, మిషను రెండోసారి సిద్ధం చేసినందుకు మరో 2,000 పడతాయి. కాపీకి 64 పైసలు ఎక్కువ. మీ కొటేషన్లో ప్లేట్లు ఎనిమిదని ఉంటే, ఇంత చిన్న సైజు పనికి ఎనిమిది ఎందుకని అడగొచ్చు. చిన్న మిషను మీద షీటుకు రెండే కాపీలు పడుతుండొచ్చు, లేదా వేరే కారణం ఉండొచ్చు. ఏదైనా ఆయన చెప్పగలగాలి.

నలుపు ప్లేటు కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ప్లేట్లు తీశాక ఫోన్ నంబరులో ఒక అంకె తప్పని తేలిందనుకోండి. ఆ నంబరు తెల్ల కాగితం మీద ఒట్టి నలుపులో ఉంటే నలుపు ప్లేటు ఒక్కటి మారిస్తే చాలు, 300 రూపాయలతో పోతుంది. అదే నంబరును డిజైనరు ముదురు నీలం పట్టీలో తెల్ల అక్షరాలుగా పెట్టి ఉంటే, ఆ తెలుపు నిజానికి రంగుల్లో వదిలిన ఖాళీ కాబట్టి ఆ పట్టీకి వాడిన ప్రతి రంగు ప్లేటూ మార్చాలి. కంప్యూటర్లో నలుపుగా కనిపించే అక్షరాలు కూడా కొన్నిసార్లు నాలుగు రంగులూ కలిపి చేసిన నలుపై ఉంటాయి, ముఖ్యంగా వర్డ్ ఫైలు నుంచో ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచో వచ్చినవి. అలాంటివి అచ్చులో రంగులు కాస్త జరిగినా చిన్న అక్షరాలకు ఎర్రటి, నీలి అంచులుగా కనిపిస్తాయి. మారే అవకాశమున్న వివరాలు, అంటే ఫీజులు, తేదీలు, నంబర్లు ఒట్టి నలుపులో తెల్ల నేల మీద పెట్టించడం అందుకే తెలివైన పని.

ఇదే కిటుకు భాషలకూ పనికొస్తుంది. హైదరాబాద్ పాతబస్తీ దగ్గర్లోని ఒక స్కూలుకు తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మూడింట్లోనూ బ్రోచరు కావాలనుకుందాం. ఫొటోలు, నేల రంగులు మూడింటికీ ఒకటే ఉంచి, రాత అంతా ఒట్టి నలుపులో పెడితే, మూడు రంగుల ప్లేట్లు కదపకుండా నలుపు ప్లేటు మాత్రమే మార్చి మూడు భాషలూ కొట్టొచ్చు. మూడు వేర్వేరు పనులుగా ఇస్తే పన్నెండు ప్లేట్లు, ఇలా ఇస్తే ఆరు. మిషను మధ్యలో ఆపి ప్లేటు మార్చినందుకు కొంత తీసుకుంటారు, అయినా మిగులుతుంది. డిజైను మొదలుపెట్టకముందే ఈ మాట చెప్పాలి. రంగు పట్టీల్లో తెల్ల అక్షరాలతో పేజీ పూర్తయ్యాక చెబితే డిజైను మళ్లీ చెయ్యాలి.

తెలుగు పనిలో ఒక తలనొప్పి ఇంగ్లిష్ పనిలో లేనిది. కస్టమర్ వాట్సాప్‌లో పంపే మేటరు యూనికోడ్‌లో ఉంటుంది. డీటీపీ సెంటర్లలో చాలా చోట్ల ఇంకా పాత అను ఫాంట్లతో పని నడుస్తుంది. ఒకదాని నుంచి ఒకదానికి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోవడం, అరసున్నాలు, ర వత్తులు తారుమారవడం మామూలే. "ప్రిన్సిపాల్" కాస్తా "పిన్సిపాల్" అయిపోతుంది. అందుకే డీటీపీ ఆయన కంప్యూటర్లో చూసి సరే అనడం చాలదు. ప్రెస్సుకు వెళ్లే చివరి పీడీఎఫ్‌ను, ఫాంట్లను గీతలుగా మార్చిన తర్వాతి దాన్ని, కాగితం మీద తీయించి అక్షరం అక్షరం చదివి సంతకం పెట్టాలి. ఆ సంతకం పెట్టాక దొరికే తప్పులకు ఖర్చు కస్టమర్‌దే. అంతకు ముందు ప్రెస్సుది.

ఇప్పుడు కాగితం ఎంపిక. చాలామంది "మందంది వెయ్యండి" అని ఊరుకుంటారు. 130 బదులు 170 జీఎస్‌ఎం వేస్తే మన ఐదు వేల బ్రోచర్లలో కాగితం ఖర్చు 5,300 నుంచి 6,930కి పోతుంది. కాపీకి 33 పైసలు. అంతే కదా అనిపిస్తుంది. కానీ 170 దగ్గర్నుంచి కాగితాన్ని నేరుగా మడిస్తే మడత దగ్గర పై పూత పగిలి, ముదురు రంగు మీద తెల్లటి గీతలా చీలుతుంది. అది రాకుండా మడతకు ముందు క్రీజింగ్ వెయ్యాలి, అంటే మడత గీత వెంట కాగితాన్ని నొక్కి గాడి చెయ్యాలి. దానికి కాపీకి 20 పైసలనుకుంటే ఇంకో వెయ్యి. బరువు కూడా మూడో వంతు పెరుగుతుంది గనక పార్సిల్ చార్జి మీదా పడుతుంది. మూడు మడతల బ్రోచరుకు 130 ఎక్కువగా వాడేది ఇందుకే. 90కి దిగితే 1,600 రూపాయలు మిగులుతాయి కానీ వెలుతురులో పట్టుకుంటే వెనక పేజీలో ఫొటో ముందుకు కనపడుతుంది. ముదురు రంగులు నిండా ఉన్న డిజైనుకు 90 పనికిరాదు. ఎక్కువగా తెల్ల జాగా, రాత ఉన్నదానికి సరిపోతుంది.

మడత దగ్గర పగుళ్లకు మందం ఒక్కటే కారణం కాదు. కాగితం తయారయ్యేటప్పుడు నార ఒక దిశలో పరుచుకుంటుంది. ఆ దిశ వెంట మడిస్తే నునుపుగా మడుగుతుంది, అడ్డంగా మడిస్తే గరుకుగా విరుగుతుంది. ఒక ముక్కను రెండు దిశల్లోనూ చించి చూస్తే తేడా తెలుస్తుంది. దిశ వెంట తిన్నగా చిరుగుతుంది, అడ్డంగా వంకర టింకరగా పోతుంది. షీటులో పేజీలు అమర్చేటప్పుడు మంచి ప్రెస్సు ఇది చూసుకుంటుంది.

నిగనిగలాడే ఆర్ట్ పేపరు అన్ని పనులకూ మంచిది కాదు. కాలేజీ బ్రోచరు చివరి మడతలో దరఖాస్తు ఫారం పెట్టే అలవాటు చాలా చోట్ల ఉంది. ఆ పూత మీద బాల్ పెన్ను జారుతుంది, ఇంకు పెన్నుతో రాస్తే అలుక్కుపోతుంది, ఆఫీసు ముద్ర వేస్తే గంటకి కూడా ఆరదు. రాయాల్సిన భాగముంటే పూత లేని మ్యాప్‌లిథో వాడాలి, లేదా ఫారాన్ని విడిగా మ్యాప్‌లిథో మీద ఒక రంగులో కొట్టించి లోపల పెట్టాలి. మ్యాప్‌లిథో సిరాను పీల్చుకుంటుంది కాబట్టి ఫొటోలు కాస్త మందంగా, చప్పగా వస్తాయి. మొత్తం బ్రోచరును దాని మీద వేసి, స్క్రీను మీద చూసిన రంగు రాలేదని ప్రెస్సుతో గొడవపడటం న్యాయం కాదు.

సైజులో దాదాపు అంగుళం వదులుకుంటే డబ్బు మిగిలే సందర్భాలున్నాయి. 23×36 షీటును సగం చేస్తే వచ్చే 18×23 డెమ్మీలో నాలుగు ఎ4లు పట్టవు. ఎ4 పొడవు 11.69 అంగుళాలు, రెండు పెడితేనే 23 దాటిపోతుంది. అదే బ్రోచరును ఎనిమిదింపావు బై పదిముప్పావు అంగుళాలకు తగ్గిస్తే నాలుగూ హాయిగా పడతాయి, షీటు బరువు ఎనిమిది శాతం తగ్గుతుంది. ఐదు వేలకు ఇది నాలుగొందల రూపాయల ముచ్చట. యాభై వేలకైతే నాలుగు వేల దాకా. డిజైను మొదలయ్యే ముందు "ఏ షీటు మీద వేస్తారు?" అని అడిగితే ఈ సంగతి బయటికొస్తుంది. తర్వాత అడిగితే పేజీ అంతా సర్దాలి.

అడిగిన జీఎస్‌ఎం ఇచ్చారా లేదా అన్నది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఎ4 కాగితం వైశాల్యం చదరపు మీటరులో దాదాపు పదహారో వంతు. కాబట్టి ఎ4 బ్రోచర్లు పదహారు తీసుకుని మంచి తక్కెడ మీద పెడితే, గ్రాముల్లో వచ్చే అంకే జీఎస్‌ఎం. 130 చెప్పారంటే 130 గ్రాముల దరిదాపుల్లో ఉండాలి. మిల్లు నుంచే నాలుగైదు శాతం అటూ ఇటూ వస్తుంది, అది మామూలే. 115 తూగితే మాత్రం మీకు వేసింది వేరే కాగితం. కిరాణా కొట్టు తక్కెడ చాలదు, గ్రాము పలికే ఎలక్ట్రానిక్ త్రాసు కావాలి. తూచేది పోస్టాఫీసులోనైనా కావచ్చు, బంగారం కొట్లోనైనా కావచ్చు.

కొటేషన్లు పోల్చేటప్పుడు మోసం కంటే ఎక్కువగా గందరగోళమే నష్టం చేస్తుంది. ఒక ప్రెస్సు "అన్నీ కలిపి 13,750" అంది. ఇంకోటి "కాపీ 2.30" అంది. రెండోది చవగ్గా కనిపిస్తుంది, ఐదు వేలకు 11,500 కదా. బిల్లు వచ్చాక చూస్తే ప్లేట్లు 1,200 విడిగా, మడత 1,250 విడిగా, పార్సిల్ 500 విడిగా ఉంటాయి. మొత్తం 14,450. ఆయన అబద్ధం చెప్పలేదు, ఈయన అడగలేదు. అందుకే కొటేషన్ అడిగేటప్పుడే కాపీల సంఖ్య, కోసిన తర్వాతి సైజు, కాగితం రకం, జీఎస్‌ఎం, రెండు వైపులా ఎన్ని రంగులు, మడత, ప్యాకింగు, ఎక్కడికి చేర్చాలి అన్నీ మీరే ఒక కాగితం మీద రాసి, అదే కాగితం అన్ని ప్రెస్సులకూ ఇవ్వాలి. జీఎస్టీ శాతాన్ని అంకెగా రాయించుకోవాలి. మేటరు మీదై, కాగితం ప్రెస్సుదైనప్పుడు ఆ పనిని ముద్రణ సేవగానే లెక్కించాలని 2017 అక్టోబరులో కేంద్రం వివరణ ఇచ్చింది. బిల్లులో ఏ శీర్షిక కింద వేస్తున్నారో అన్నదాన్ని బట్టి పన్ను మారుతుంది కాబట్టి ఇది ముందే తేల్చుకోవాల్సిన విషయం.

శివకాశి నుంచి వచ్చే రేట్లు చూసి ఇక్కడి ప్రెస్సుల మీద అనుమానపడేవాళ్లుంటారు. తమిళనాట బాణసంచాకూ, అగ్గిపెట్టెలకూ పేరైన ఆ ఊరు అచ్చు పనికీ అంతే పేరైనది. అక్కడా, ఇక్కడి కొన్ని పెద్ద ప్రెస్సుల్లోనూ పదిమంది పనులను ఒకే పెద్ద షీటు మీద అమర్చి ఒకేసారి కొడతారు. ప్లేట్లు, మేకరెడీ ఖర్చు అందరికీ పంచుతారు. అందుకే అంత తక్కువ. దానికి షరతులున్నాయి. వాళ్లు చెప్పిన సైజు, వాళ్లు చెప్పిన కాగితం, వాళ్లు చెప్పిన సంఖ్య. పక్కవాళ్ల పనిలో ఎరుపు ఎక్కువ కావాల్సొచ్చి సిరా పెంచితే మీ ఫొటోలో మొహాలు కందినట్టు వస్తాయి, అడిగేందుకు వీల్లేదు. లోగో రంగు కచ్చితంగా ఉండాలనుకునే సంస్థకు ఇది కుదరదు. కరపత్రానికి చక్కగా కుదురుతుంది.

చివరగా డెలివరీ. మన ఐదు వేల బ్రోచర్లు నలభై కిలోలు, రెండు అట్టపెట్టెల సరుకు. ఆర్టీసీ కార్గోలోనో, ప్రైవేటు పార్సిల్ సర్వీసులోనో వేస్తే చార్జి కొద్దిగానే. ప్రెస్సు గుమ్మం దగ్గరి నుంచి పార్సిల్ ఆఫీసుకు ఆటో, అటు దిగాక కాలేజీకి ఇంకో ఆటో, ఈ రెండూ ఎవరివో ముందే మాట్లాడుకోకపోతే అక్కడే మాటలు పెరుగుతాయి. నూరేసి చొప్పున కట్టలు కట్టి, కట్ట మీద లెక్క రాసి, లోపల ప్లాస్టిక్ కవరు వేసి పంపమని అడగాలి. జూన్ తర్వాత ఈ ప్లాస్టిక్ కవరు తప్పనిసరి. తడిసిన ఆర్ట్ పేపరు ఆరాక పేజీలు ఒకదానికొకటి అంటుకుని, విడదీస్తే పూత ఊడొస్తుంది.

రేపే కావాలంటే ఖర్చు వేరే రూపంలో వస్తుంది. ఒక వైపు సిరా బాగా ఆరకుండా రెండో వైపు కొడితే, కట్టలో కిందా మీదా ఉన్న షీట్ల మీదికి రంగు అంటుకుంటుంది. దీన్ని సెట్ ఆఫ్ అంటారు. ముదురు రంగు పేజీకి ఎదురుగా ఉన్న తెల్ల జాగాలో లేత మరకల్లా కనిపిస్తే అదే. వర్క్ అండ్ టర్న్‌లో మొదటి వైపుకు కనీసం కొన్ని గంటలు ఆరే సమయం ఇవ్వాలి, ముదురు రంగులైతే ఒక రాత్రి. అర్జెంటు పనికి ప్రెస్సు ఎక్కువ అడిగితే అందులో రాత్రి కూలీతో పాటు ఈ ప్రమాదం కూడా ఉంది.

సరుకు అందాక రెండు మూడు కట్టలు విప్పి లెక్కపెట్టుకోవాలి. ఐదు వేలు అడిగితే నాలుగు వేల ఎనిమిది వందలు రావడం, ఐదు వేల రెండొందలు రావడం రెండూ జరిగేవే. వేస్టేజీ కచ్చితంగా ఎంతని ముందే చెప్పలేరు కాబట్టి కొద్ది శాతం అటూ ఇటూ ప్రెస్సుల్లో మామూలు. ఎక్కువ వచ్చినవాటికి డబ్బు కట్టాలా, తక్కువ వచ్చినవాటికి తగ్గిస్తారా అన్నది ఆర్డరు కాగితం మీదే ఉండాలి. పని అయ్యాక ప్లేట్లు ఎక్కువ ప్రెస్సుల్లో తుక్కు అల్యూమినియం కింద పోతాయి. వచ్చే ఏడాది మళ్లీ కొట్టించేటప్పుడు పనికొచ్చేది ఫైలు. దాన్ని, ఫాంట్లతో పాటు, బిల్లు చెల్లించే రోజునే పెన్‌డ్రైవులో వేయించుకోవాలి. డిజైనుకు కట్టిన రెండు వేలలో ఫైలు ఇవ్వడం కలిసే ఉందని ఆర్డరు కాగితం మీద రాసి ఉంటే అడగడం తేలిక.